రేయాన్, మోడాల్, లయోసెల్: తడిస్తే ఏది నిలబడుతుంది, ఏది ఎలా ఉతకాలి

వానాకాలం మొదలైతే మా కుట్టు గదికి రెండు రకాల ఫిర్యాదులు వస్తాయి. ఒకటి, "అక్కా, మీరు కొలత తప్పు తీశారండి, కుర్తీ మోకాళ్ళ పైకి వచ్చేసింది." రెండోది, చంక దగ్గరో పక్క స్లిట్ దగ్గరో గుడ్డే చిరిగిపోయిందని. కుట్టు ఊడదు, కుట్టు పక్కనున్న గుడ్డ విడిపోతుంది. పది తెస్తే ఎనిమిది రేయాన్ గుడ్డలే. ఆ తర్వాత అందరూ అడిగేది ఒక్కటే: మోడాల్, లయోసెల్ అని ఎక్కువ ధరకి అమ్ముతున్నారు కదా, అవైనా నిలుస్తాయా, వాటిని ఎలా ఉతకాలి?

మూడూ చెక్క గుజ్జు నుంచి తీసిన పోగులే. విస్కోస్, రేయాన్ అని రెండు పేర్లు వినిపించినా మన షాపుల్లో దొరికే రేయాన్ అంటే విస్కోసే. తేడా అంతా తడిలో తెలుస్తుంది. అందుకే ఈ మార్గదర్శి అంతా నీళ్ళ చుట్టూనే తిరుగుతుంది.

## 1. ముందు పేరు సరిగ్గా చదవండి

షాపులో "మోడాల్ ఉందా?" అని అడిగితే కుర్రాడు కొత్త మోడల్స్ తీసి పరిచాడు. నవ్వొచ్చింది గానీ తప్పు అతనిది కాదు. కాబట్టి నోటిమాట వదిలేసి లేబుల్ చూడండి. తాను మీద అయితే అంచు మీద అచ్చు, రెడీమేడ్ అయితే పక్క కుట్టులో ఉండే చిన్న తెల్ల పట్టీ.

మూడు చోట్ల జనం పొరబడతారు.

టెన్సెల్ అనేది పోగు పేరు కాదు, లెంజింగ్ కంపెనీ బ్రాండు పేరు. ఆ పేరు మీద లయోసెల్ వస్తుంది, మోడాల్ కూడా వస్తుంది. టెన్సెల్ తర్వాత ఏ మాట ఉందో అదే చూడాలి.

"వెదురు గుడ్డ" అని అమ్మేది చాలావరకు వెదురు గుజ్జుతో చేసిన విస్కోస్. వెదురు లయోసెల్ అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప దాన్ని రేయాన్ లాగే చూసుకోండి.

"మోడాల్ సిల్క్" అన్నంత మాత్రాన అందులో పట్టు ఉన్నట్టు కాదు. మోడాల్ పోగుని శాటిన్ నేతలో నేస్తే వచ్చే మెరుపుకి ఆ పేరు పెట్టేస్తారు. శాతాలు రాసి ఉంటే నమ్మండి, లేకపోతే అడగండి.

కాల్చి చూస్తే తెలుస్తుందని కొందరంటారు. ఈ మూడింటి మధ్య కాల్చి తేల్చలేం. మూడూ కాగితం కాలినట్టే కాలి మెత్తటి బూడిద అవుతాయి. పాలిస్టర్ కలిసిందా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది, అది కరిగి గట్టి పూసలా తేలుతుంది.

## 2. ఇంట్లోనే పోగు పరీక్ష

ఇది నేను కొత్త తాను వచ్చినప్పుడల్లా చేస్తాను. అరగంట పని.

కావలసినవి:

- గుడ్డ అంచు నుంచి తీసిన పోగులు 10, ఒక్కోటి జానెడు పొడవు. అన్నీ తాను పొడవునా ఉండే పడుగు పోగులే కావాలి, అడ్డంగా ఉండే పేక కలపొద్దు.
- రెండు పెన్సిళ్ళు, కొంచెం టేపు
- చేతులున్న చిన్న పాలిథిన్ కవరు
- 10 మి.లీ. గీత ఉన్న మందు సీసా మూత

పోగుని ముడి వేయకండి, ముడి దగ్గరే తెగుతుంది. పై చివరని ఒక పెన్సిల్‌కి నాలుగైదు చుట్లు చుట్టి టేపు వేయండి. కింది చివరని రెండో పెన్సిల్‌కి అలాగే చుట్టి, దానికి కవరు తగిలించండి. పై పెన్సిల్‌ని రెండు కుర్చీల మధ్య ఆనించి, కవరులో మూతతో మెల్లగా నీళ్ళు పోస్తూ ఉండండి. పోగు ఎన్ని మి.లీ. దగ్గర తెగిందో రాసుకోండి. ఒక మి.లీ. నీళ్ళు ఒక గ్రాము కాబట్టి లెక్క తేలిక. కింది పెన్సిల్, కవరు బరువు కొన్ని గ్రాములే కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

అయిదు పోగులు పొడిగా పరీక్షించండి. మిగతా అయిదింటినీ రెండు నిమిషాలు నీళ్ళలో ఉంచి, తీసి వెంటనే అదే పని చేయండి.

ఈమధ్య ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఒకేసారి కుర్తీలకి గుడ్డలు తెచ్చారు. పెద్దమ్మాయిది రేయాన్, రెండో అమ్మాయిది మోడాల్, చిన్నమ్మాయిది నీలిరంగు లయోసెల్. నూలు మందం మూడింట్లో దాదాపు ఒకటే. నాకు సగటున వచ్చింది ఇది: రేయాన్ పోగు పొడిగా 280 గ్రాముల దగ్గర తెగితే, తడిగా 130 దగ్గరే తెగింది. మోడాల్ పొడిగా 370, తడిగా 220. లయోసెల్ పొడిగా 450, తడిగా 390.

మీ గుడ్డకి ఇవే అంకెలు రావు. నూలు మందం, పురి బట్టి మారతాయి. అందుకే ఒక గుడ్డని ఇంకో గుడ్డతో పోల్చకండి, అదే గుడ్డ పొడి అంకెని తడి అంకెతో పోల్చండి. తడిస్తే సగానికో అంతకన్నా కిందికో పడిపోతే అది రేయాన్. అరవై శాతం దగ్గర ఆగితే మోడాల్ అయ్యుండొచ్చు. ఎనభై దాటితే లయోసెల్. నూలు గుడ్డ పోగు అయితే తడిలో ఇంకా గట్టిపడుతుంది, అది వేరే కథ.

కారణం చెబితే ఉతకడం అర్థమవుతుంది. పోగు లోపల అణువుల గొలుసులు వరసగా, దగ్గరగా పేర్చి ఉన్న చోట్లు కొన్ని, చిందరవందరగా ఉన్న చోట్లు కొన్ని. నీళ్ళు ఆ చిందరవందర చోట్లలోకి దూరి గొలుసుల మధ్య పట్టుని వదిలిస్తాయి. రేయాన్‌లో గొలుసులు పొట్టివి, చిందర ఎక్కువ. మోడాల్ కూడా ఆ పద్ధతిలోనే చేస్తారు గానీ, తడిలో సాగకుండా ఉండేలా పోగుని ఇంకా లాగి, గొలుసులు పొడవుగా ఉంచి తయారు చేస్తారు. లయోసెల్‌లో గుజ్జుని నేరుగా ద్రావకంలో కరిగించి పోగు తీస్తారు. గొలుసులన్నీ పొడవునా వరసగా ఉంటాయి, అందుకే తడిసినా పట్టు వదలదు. ఆ వరసే దానికి ఒక బలహీనత కూడా తెచ్చింది, అది 4లో చెబుతాను.

చెమట కూడా నీళ్ళే. మే నెలలో మన వైపు చంకలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తడిగానే ఉంటాయి. బిగుతుగా కుట్టించుకున్న రేయాన్ కుర్తీ అక్కడే ఎందుకు విడిపోతుందో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. రేయాన్ అయితే చంక దగ్గర ఒక అంగుళం వదులు ఎక్కువ పెట్టించుకోండి, స్లిట్ మొదట్లో లోపలివైపు చిన్న ముక్క వేసి కుట్టమనండి.

## 3. కత్తెర పెట్టే ముందు తడపాలి

మిల్లులో గుడ్డని తడిగా ఉన్నప్పుడు లాగి ఆరబెడతారు. రేయాన్ తడిలో సులువుగా సాగుతుంది కాబట్టి ఎక్కువ సాగిపోయి అలాగే ఆరుతుంది. మీ ఇంట్లో మొదటిసారి నీళ్ళు తగిలిన రోజున ఆ లాగుడంతా వదులుతుంది. కుర్తీ కురచైపోవడం అంటే ఇదే. టైలర్ కొలతది కాదు తప్పు, తడపకుండా కుట్టినందుకు తప్పే.

ఎంత తగ్గుతుందో ముందే తెలుసుకోవచ్చు. గుడ్డ మధ్యలో 50 సెం.మీ. చదరం కొలిచి, నాలుగు మూలలా వేరే రంగు దారంతో గుర్తు కుట్టండి. పెన్ను గీత నీళ్ళకి పోవచ్చు, లేదా మచ్చ పడొచ్చు. గుడ్డ మొత్తాన్ని గది నీళ్ళలో పది నిమిషాలు వేసి, తీసి, లాగకుండా ఆరబెట్టి మళ్ళీ కొలవండి.

అక్కచెల్లెళ్ళ గుడ్డల్లో రేయాన్ చదరం పొడవున 46.5 సెం.మీ.కి వచ్చింది. అంటే 7 శాతం. మోడాల్ 48.5కి, లయోసెల్ 49కి ఆగాయి. 42 అంగుళాల కుర్తీకి 7 శాతం అంటే దాదాపు 3 అంగుళాలు, మోకాలి కింద ఉండాల్సింది మోకాలి మీదకి వస్తుంది. తెచ్చిన రెండున్నర మీటర్లు తడిపాక 2.32 మీటర్లయింది, చేతుల పొడవు కొంచెం తగ్గించాల్సి వచ్చింది. అందుకే రేయాన్ కొనేటప్పుడు పావు మీటరు ఎక్కువ తీసుకోమని చెబుతాను.

రెండోసారి తడిపితే రేయాన్ ఇంకో ఒకటి రెండు శాతం దిగొచ్చు. ముదురు రంగు, ఖరీదైన గుడ్డ అయితే రెండుసార్లు తడపడం మేలు. లయోసెల్, మోడాల్‌కి ఒక్కసారి చాలు.

రెడీమేడ్ కొన్నారా? అప్పుడు చేయగలిగింది ఒక్కటే, ఒక సైజు పైది తీసుకోవడం, మొదటి ఉతుకు అయ్యేదాకా కింద మడత విప్పి కుదించకుండా ఉండడం.

## 4. ఉతికే వరస

మన ఇళ్ళలో ఉతుకుడు అంటే రాత్రి సర్ఫులో నానబెట్టడం, పొద్దున్నే సబ్బు బిళ్ళ రుద్దడం, బ్రష్షు, బండ మీద నాలుగు దెబ్బలు, ఇద్దరు చెరో కొస పట్టి మెలితిప్పి పిండడం. నూలు చీరలకీ లుంగీలకీ అది సరిపోయింది. ఇవి ఆ ఉతుకుడికి పుట్టిన గుడ్డలు కావు.

రేయాన్. గది నీళ్ళు, అంటే ముప్పై డిగ్రీల లోపు. ద్రవ సబ్బు ఒక మూత బకెట్ నీళ్ళలో ముందు కలిపి, ఆ తర్వాతే గుడ్డ వేయండి. పది నిమిషాలు, అంతే. పైకీ కిందికీ జాడించండి, రుద్దొద్దు. మచ్చ ఉంటే గుడ్డ పొడిగా ఉన్నప్పుడే సబ్బు నీళ్ళ చుక్క వేసి వేలితో అద్దండి, తడిశాక రుద్దితే ఆ చోట నేత పలచబడుతుంది.

బకెట్‌లో నుంచి తీసేటప్పుడు భుజాలు పట్టి ఎత్తొద్దు. రెండు చేతులూ కింద పెట్టి ముద్దలా ఎత్తండి. కుర్తీ గుడ్డ 400 గ్రాములుంటే, పోగు లోపల తాగిన నీళ్ళే దాదాపు అంత ఉంటాయి, మడతల మధ్య కారే నీళ్ళు వేరే. కిలో బరువు, పోగు బలం సగమై ఉన్నప్పుడు, రెండు భుజాల కుట్ల మీద వేలాడుతుంది.

మోడాల్. బలం గురించి కంగారు తక్కువ. నలభై డిగ్రీల దాకా గోరువెచ్చటి నీళ్ళు పర్వాలేదు, మెషీన్‌లో మామూలు గుడ్డలతో వేసుకోవచ్చు. మెత్తదనానికి మూడింట్లో నా ఓటు దీనికే, చంటిపిల్లల బనీన్లకీ నైటీలకీ ఇదే చెబుతాను. చాలా ఉతుకుల తర్వాత కూడా ఆ మెత్తదనం నిలుస్తుంది. ఇబ్బంది ఉండలు కట్టడం, ముఖ్యంగా బనీను అల్లిక గుడ్డలో. జీన్సుతో, జిప్పులున్న బట్టలతో కలిపి వేయకండి, లోపలివైపు తిప్పి వేయండి.

లయోసెల్. ఇక్కడే జనం బోల్తా పడతారు. తడిలో గట్టిది అని విని బ్రష్షు పెడతారు. అది తెగదు, నిజమే. కానీ దాని పోగు పొడవునా సన్నటి నారల కట్టలా ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు రాపిడి తగిలితే ఆ నారలు పక్కలకి చీలి లేస్తాయి, చెరుకు ముక్కని నలిపితే పీచు లేచినట్టు. లేత రంగులో అది నూగులా మెత్తగా అనిపిస్తుంది. నీలం, నలుపు, మెరూన్‌లో మాత్రం తెల్లటి గీతలై కనిపిస్తుంది.

కాబట్టి లయోసెల్‌ని లోపలివైపు తిప్పి, చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్ళలో, మెషీన్‌లో అయితే వల సంచిలో వేసి, డ్రమ్ము మరీ కిక్కిరిసి నింపకుండా ఉతకండి. కిక్కిరిస్తే గుడ్డ గుడ్డకి రాసుకుంటుంది, ఇక్కడ మనకి వద్దన్నది అదే. నార చీలకుండా మిల్లులోనే శుద్ధి చేసిన రకాలూ ఉన్నాయి. లేబుల్ చూసి తెలుసుకోవడం కష్టం, లోపలి మడతలో తడిగుడ్డతో ఇరవై సార్లు రుద్ది చూడండి, నూగు లేస్తే మామూలు రకమే.

మూడింటికీ ఒకే నిషేధం: క్లోరిన్ బ్లీచింగ్ వద్దు.

మెషీన్ స్పిన్ వేగం విషయం. రేయాన్‌కి 400 దగ్గర ఒక నిమిషం, మిగతా రెండింటికీ 600. సెమీ ఆటోమేటిక్‌లో ఈ అంకెలు ఉండవు, టైమర్‌ని అర నిమిషానికి తిప్పి ఆపేయండి.

## 5. పిండడం, ఆరేయడం

మెలి తిప్పొద్దు. పాత టవల్ పరిచి, దాని మీద గుడ్డ వేసి, చాపలా చుట్టి అరచేతులతో నొక్కండి. టవల్ సగం నీళ్ళు తాగేస్తుంది.

రేయాన్‌ని దండెం మీద మధ్యకి మడిచి వేయండి, భుజాలకి క్లిప్పులు పెట్టొద్దు. తడిగా వేలాడితే కిందికి సాగుతుంది, ఆ తర్వాతి ఉతుకులో మళ్ళీ పైకి లేస్తుంది. "ఒకసారి పొడుగు, ఒకసారి పొట్టి" అని విసుక్కునే కుర్తీల రహస్యం ఇదే. మోడాల్ అల్లిక గుడ్డలైతే పరిచి ఆరేయండి. లయోసెల్ నేత గుడ్డని హ్యాంగర్‌కి వేసినా నిలబడుతుంది, ముడతలు కూడా తక్కువ పడతాయి.

ఎండ గురించి: ఎర్రటి ఎండలో రంగు పోతుంది, నీడలో గాలి చాలు. మన దగ్గర చిక్కు ఎండ కాదు, ముసురు. శ్రావణంలో రెండు రోజులు ఇంట్లో దండెం మీద ఉన్నా గుడ్డ చెమ్మగానే ఉంటుంది, ఈ మూడూ నూలు కన్నా ఎక్కువ తేమ పట్టుకునే రకాలు. తడి వదలకపోతే బూజు పడుతుంది. ముసురు రోజుల్లో సాయంత్రం ఉతికి, ఫ్యాను కింద వేసి రాత్రంతా వదిలేయండి. మడతపెట్టే ముందు కుట్లని చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు, వేలికి తెలియనిది చెంపకి తెలుస్తుంది.

గంజి ఏ ఒక్కదానికీ పెట్టొద్దు. జారుడుతనం కోసం కొన్న గుడ్డని అట్టలా చేసుకోవడం ఎందుకు? పైగా బీరువాలో గంజి కోసం పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగు వస్తుంది.

## 6. ఇస్త్రీ

కొంచెం చెమ్మ ఉండగానే, లోపలివైపు తిప్పి, మధ్యస్థ వేడి. రేయాన్ మీద పలచటి నూలుగుడ్డ వేసి చేయండి, లేకపోతే కుట్ల మీద మెరుపు మచ్చలు పడతాయి. బొగ్గుల ఇస్త్రీకి ఇస్తే వేడి చేతిలో ఉండదు కాబట్టి, "రేయాన్ అండి" అని చెప్పి ఇవ్వండి. లయోసెల్‌కి చాలాసార్లు తడిగా దులిపి ఆరేస్తే ఇస్త్రీయే అక్కర్లేదు.

## 7. పాడైతే ఏం చేయొచ్చు

కురచైన రేయాన్ కుర్తీ. గది నీళ్ళలో పది నిమిషాలు వేసి, టవల్‌లో నొక్కి, సగం ఆరనివ్వండి. పరిచి, అరచేతులతో నడుము నుంచి కిందికి మెల్లగా జరుపుతూ, పొడవున ఇస్త్రీ చేయండి. మూడు అంగుళాలు పోయింది అనుకోండి, ఒకటిన్నర తిరిగి రావొచ్చు. మళ్ళీ ఉతికితే మళ్ళీ లేస్తుంది, అప్పుడు మళ్ళీ చేయాలి. గట్టిగా లాగితే పొడవు రాకముందే చంక చిరుగుతుంది.

గట్టిపడిన గుడ్డ. నురగ పట్టని బోరు నీళ్ళలో సబ్బు సరిగ్గా వదలదు, అది గుడ్డలో పేరుకుని బరకగా అవుతుంది. సబ్బు సగానికి తగ్గించండి. అర బకెట్ నీళ్ళలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి జాడించి, ఆ తర్వాత ఒకసారి మంచినీళ్ళలో జాడించండి. తాగే నీళ్ళు వృథా అనిపిస్తే వాననీళ్ళు పట్టి వాడుకోండి, వానాకాలంలో మనకి అదొక్కటే లోటు లేదు.

మోడాల్ మీద ఉండలు. గుడ్డ పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు, బల్ల మీద బిగువుగా పరిచి, ఉండలు తీసే చిన్న మెషీన్ మెల్లగా తిప్పండి. బ్లేడు చేత్తో పట్టి గీకితే కన్నం పడుతుంది.

చెమ్మ వాసన, బూజు చుక్కలు. వాసన ఒక్కటే అయితే మళ్ళీ ఉతికి గాలికి ఆరేస్తే పోతుంది. నల్ల చుక్కలు పడితే పైపైన పొడిబ్రష్షుతో దులిపి, ఉతికి, ఎండ తగిలించండి. చుక్క దిగిపోయి ఉంటే ఆ చోట గుడ్డ బలం కూడా తగ్గిందని లెక్క, రేయాన్ అయితే అక్కడ పట్టి లాగి చూడొద్దు.

లయోసెల్ మీద తెల్ల గీతలు. చిన్నమ్మాయి నీలం కుర్తీకి మూడో నెలలో ఇదే అయ్యింది. ముంజేతుల దగ్గర కూర మరక పడితే వాళ్ళ నాయనమ్మ బ్రష్షు పెట్టారట. రంగు పోయిందని తెచ్చారు. వేలితో నిమిరి చూస్తే రంగు అక్కడే ఉంది, పైన నూగు లేచి వెలుతురుకి తెల్లగా కనిపిస్తోంది. పొడిగా ఉండగా ఉండలు తీసే మెషీన్ రెండుసార్లు తిప్పాను, సగం తగ్గింది. అంతకన్నా తగ్గించాలని చూస్తే గుడ్డ అరుగుతుంది. చేతులు మోచేతి దాకా కత్తిరించి మడిచి కుట్టి ఇచ్చాను.